ఇన్వర్టర్ ఉన్నా కంప్యూటర్ ఎందుకు రీస్టార్ట్ అవుతోంది? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో ఇన్వర్టర్లు, బ్యాటరీలు బిగించడం నా పని. నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే: "కరెంటు పోతే ఫ్యాన్లు, లైట్లు ఆగట్లేదు, కంప్యూటర్ మాత్రం ఆగి మళ్లీ ఆన్ అవుతోంది. ఇన్వర్టర్ పాడైందా?" చాలాసార్లు ఏదీ పాడవదు.

అపోహ: ఇన్వర్టర్ కంప్యూటర్‌కి పనికిరాదు, యూపీఎస్ కొనాల్సిందే.

వాస్తవం: ఇంటి ఇన్వర్టర్, బల్ల కింద పెట్టుకునే చిన్న యూపీఎస్ లోపల చేసే పని ఒకటే. కరెంటు ఉన్నంతసేపూ దాన్ని నేరుగా బయటికి పంపుతూ బ్యాటరీని ఛార్జ్ చేస్తాయి. పోగానే లోపల రిలే మారి, బ్యాటరీ నుంచి ఏసీ తయారుచేసి ఇస్తాయి. తేడా ఆ మారడానికి పట్టే సమయంలో ఉంది. చిన్న యూపీఎస్‌కి మామూలుగా 4 నుంచి 10 మిల్లీసెకన్లు చాలు. ఇన్వర్టర్‌కి సాధారణ మోడ్‌లో 20 నుంచి 40 దాకా పట్టొచ్చు.

ఫ్యాన్‌కి ఆ ఖాళీ తెలియదు. కంప్యూటర్‌కి మాత్రం తెలుస్తుంది. దానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లో కాస్త కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్, ఫుల్ లోడ్ మీద దాదాపు 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. లోడ్ తక్కువగా ఉంటే ఇంకాస్త ఎక్కువ. అందుకే ఖాళీగా ఉన్న కంప్యూటర్ తట్టుకుంటుంది, వీడియో ఎడిటింగ్ నడుస్తుంటే ఆగిపోతుంది. జనం దీన్ని "అప్పుడప్పుడూ వచ్చే ఫాల్ట్" అనుకుంటారు, కానీ అది లోడ్‌ని బట్టి వచ్చేదే.

చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది. దాన్ని వేస్తే సమయం 10 మిల్లీసెకన్ల దగ్గరికి దిగుతుంది. వేశాక ఇలా చూడండి: పని సేవ్ చేసుకుని, కంప్యూటర్ మీద ఏదైనా బరువైన ప్రోగ్రామ్ నడుపుతూ, ఇన్వర్టర్‌కి వచ్చే మెయిన్ కరెంటు ఆపండి. నాలుగైదు సార్లు చేసినా ఆగకపోతే సమస్య తీరినట్టే. ఖాళీగా ఉన్నా ఆగిపోతుంటే మోడ్‌ని తప్పుపట్టకండి. ఎస్‌ఎంపీఎస్ కెపాసిటర్లు అరిగి ఉండొచ్చు, లేదా లోడ్ పడగానే బ్యాటరీ వోల్టేజ్ కుంగుతుండొచ్చు. ల్యాప్‌టాప్‌కి సొంత బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఈ టెన్షనే లేదు.

అపోహ: అయితే యూపీఎస్ మోడ్ ఎప్పుడూ వేసి ఉంచడమే మంచిది.

వాస్తవం: వోల్టేజ్ నిలకడగా ఉంటే ఉంచండి. ఆ మోడ్‌లో ఇన్వర్టర్ ఇరుకు పరిధినే ఒప్పుకుంటుంది, సుమారు 180 నుంచి 260 వోల్టులు. మామూలు మోడ్‌లో 100 నుంచి 290 దాకా సర్దుకుంటుంది. వోల్టేజ్ తరచూ 170కి పడిపోయే ఇంట్లో యూపీఎస్ మోడ్ వేస్తే, కరెంటు ఉండగానే బ్యాటరీ వాడేస్తుంది. తీరా కరెంటు పోయినప్పుడు బ్యాటరీలో ఏమీ మిగలదు.

అపోహ: చిన్న యూపీఎస్‌కి పెద్ద బ్యాటరీ కలిపితే గంటలకొద్దీ నడుస్తుంది.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. ఆ యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టుల, 7 ఏహెచ్ అంటే 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ. 150 వాట్ల కంప్యూటర్‌ని పది, పన్నెండు నిమిషాలు నడిపి, సేవ్ చేసుకునే వ్యవధి ఇవ్వడానికే దాన్ని తయారుచేశారు. ట్రాన్స్‌ఫార్మర్, హీట్‌సింక్ కూడా ఆ కాసేపటికే సరిపోతాయి. గంటసేపు నడిస్తే వేడెక్కి కాలిపోవచ్చు. ఛార్జర్ ఇచ్చేది ఒక ఆంపియర్‌కి అటూ ఇటుగా. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఖాళీ అయితే అది నింపడానికి ఆరు రోజులు దాటుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అంతకాలం అరకొరగా ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, కెపాసిటీ తిరిగి రాదు.

అదే 150 ఏహెచ్ బ్యాటరీని ఇన్వర్టర్‌కి పెట్టి లెక్క చూద్దాం. 12ని 150తో గుణిస్తే 1800 వాట్ అవర్లు. లోడ్ 300 వాట్లు ఉంటే ఆరు గంటలు వస్తుందనుకుంటాం. కానీ ఇన్వర్టర్‌లో నష్టం కలిపితే బ్యాటరీ నుంచి సుమారు 350 వాట్లు, అంటే 29 ఆంపియర్లు లాగాలి. డబ్బా మీద రాసిన 150 మాత్రం 20 గంటల పాటు నిదానంగా, 7.5 ఆంపియర్ల చొప్పున తీస్తే వచ్చేది. 29 చొప్పున లాగితే 120 దగ్గర ఆగుతుంది. అంటే నాలుగు గంటలు. బ్యాటరీ అడుగంటకుండా ఆపుకుంటే మూడు పైచిలుకు. నేను ఎవరికైనా మూడే చెబుతాను.

అపోహ: ఇన్వర్టర్ వెనక యూపీఎస్ కూడా పెడితే రెట్టింపు భద్రత.

వాస్తవం: ఇన్వర్టర్ మెయిన్ కరెంటులాంటి సైన్ వేవ్ ఇచ్చేదైతే నిజమే, హాయిగా పెట్టుకోవచ్చు. స్క్వేర్ వేవ్ ఇచ్చేదైతే చాలా యూపీఎస్‌లు దాన్ని కరెంటుగా గుర్తించవు. ఇన్వర్టర్ నడుస్తున్నా యూపీఎస్ బీప్ కొడుతూ సొంత బ్యాటరీ మీదే ఉండి, పది నిమిషాలకు ఆగిపోతుంది. ఆ బీప్ ఆగకుండా వస్తోందంటే యూపీఎస్ మార్చకండి. ముందు ఇన్వర్టర్ మీద ఏ వేవ్ అని రాసి ఉందో చూడండి.