ఆకలి కణాల మీద రెండు పనిముట్లు రెండు మాటలు చెప్పినప్పుడు

కడుపు నిండా తిన్న చిట్టెలుక. పైగా పగటిపూట, చిట్టెలుకలు మేత జోలికి పెద్దగా పోని సమయం. దాని మెదడులోకి దిగిన సన్నటి గాజు తీగలోంచి నీలిరంగు వెలుగు మిణుకు మిణుకుమనగానే నిమిషాల్లో అది మేత మీద పడి, రోజుల తరబడి పస్తున్నట్టు తినేస్తుంది. 2011లో అమెరికాలోని జనీలియా పరిశోధనా కేంద్రంలో స్కాట్ స్టెర్న్‌సన్ బృందం చూపించింది ఇదే. వెలుగు పడ్డది ఆకలి, దాహం లాంటివాటిని చూసుకునే హైపోథాలమస్ అనే మెదడు భాగం అడుగున ఏజీఆర్‌పీ అనే ప్రోటీన్ తయారు చేసే న్యూరాన్ల మీద, అందులోనూ 800 కణాలు వెలుగుకు స్పందిస్తే చాలు. ఇంకేముంది, ఆకలి మీట దొరికిందని అంతా అనుకున్నారు.

నాలుగేళ్ళకు శాన్‌ఫ్రాన్సిస్కోలో జాకరీ నైట్ బృందం అవే కణాలను మీట నొక్కకుండా ఊరికే గమనించింది. ఆకలితో ఉన్న చిట్టెలుకలో అవి జోరుగా పనిచేస్తున్నాయి, అది అనుకున్నదే. మేత పంజరంలో పెట్టగానే మాత్రం, ఇంకా ఒక్క ముక్క కొరకక ముందే, కొన్ని సెకన్లలో చల్లబడిపోయాయి. తిండి తినిపించే కణాలు తినే వేళకు నోరు మూసుకోవడమేమిటి? మెదడు సర్క్యూట్ల పరిశోధన ఎలా మారిందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి కేసు కనబడదు. మొదటి ప్రయోగం కణాలను వెలుగుతో లేపే ఆప్టోజెనెటిక్స్, రెండోది కణాల పనిని వాటిలోని కాల్షియం ద్వారా గమనించే కాల్షియం ఇమేజింగ్. రెండూ తప్పు చెప్పలేదు, కాకపోతే అడిగిన ప్రశ్నలు వేరు.

అసలు ఆకలి స్థానం కోసం వెతుకులాట చాలా పాతది, అందులో మన దేశస్థుడి పేరు ముందు వరసలోనే ఉంటుంది. 1951లో యేల్ విశ్వవిద్యాలయంలో బాలకృష్ణ ఆనంద్, జాన్ బ్రోబెక్ ఎలుకల హైపోథాలమస్‌లో పక్కభాగాన్ని రెండువైపులా కరెంటుతో కాల్చేస్తే అవి తిండి మానేశాయి. ఈ ఆనంద్‌గారే తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫిజియాలజీ విభాగాన్ని నిలబెట్టారు. అదే చోట ఎలక్ట్రోడ్‌తో కరెంటు ఇస్తే జంతువులు ఎక్కువ తినడం కూడా 1953 నాటికే చూశారు. చిక్కల్లా ఎక్కడంటే, కాల్చినా కరెంటిచ్చినా ఆ చోటున్నవన్నీ దెబ్బతింటాయి లేదా అన్నీ లేస్తాయి. ఆకలి కణం, దాని పక్కనే దాహం కణం, వీటితో ఏ సంబంధమూ లేకుండా ఆ దారిన పోతున్న నరాల పోగులు, ఏదీ మినహాయింపు కాదు. 1971లో స్వీడన్‌లో ఉంగర్‌స్టెడ్ డోపమిన్ పోగులను మాత్రమే రసాయనంతో చంపి చూస్తే ఆ ఎలుకలు కూడా తినడం, తాగడం మానేశాయి. అంటే అంతకుముందు కాల్చినప్పుడు పోయింది స్థానికంగా ఉన్న ‘ఆకలి కేంద్రమా’, లేక అటుగా వెళ్తున్న తీగలా అన్న అనుమానం మొదలైంది. ఉన్న పనిముట్లతో అది తేలే అనుమానం కాదు. డీఎన్ఏ నిర్మాణం కనుక్కున్న ఫ్రాన్సిస్ క్రిక్ 1979లో మెదడు గురించి రాస్తూ, ఒకే రకం న్యూరాన్లను అదుపు చేస్తూ మిగతావాటిని కదపని పద్ధతి కావాలన్నాడు. ఆ పని వెలుగుతో జరగొచ్చని కూడా తర్వాతి కాలంలో ఆయనే సూచించాడు.

ఆ పద్ధతి మంచినీటి నాచులోంచి వచ్చింది. క్లామిడోమోనాస్ అనే ఏకకణ నాచు వెలుగు వైపు ఈదుతుంది. దాని కంటిచుక్క దగ్గర ఉండే ప్రోటీన్ మీద నీలి వెలుగు పడితే అందులోని రంధ్రం తెరుచుకుని, ధనావేశమున్న అయాన్లు లోపలికి వస్తాయి. పీటర్ హెగెమాన్, గియోర్గ్ నాగెల్, ఎర్న్‌స్ట్ బాంబెర్గ్ దీన్ని 2002, 2003ల్లో గుర్తించారు. న్యూరాన్ మేలుకోవడానికి కావలసిందీ అదే, లోపలికి ధనావేశం రావడం. 2005లో స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్ బాయ్డెన్, ఫెంగ్ ఝాంగ్, కార్ల్ డైసెరాత్ నాగెల్, బాంబెర్గ్‌లతో కలిసి ఈ చానెల్‌రోడాప్సిన్-2 జన్యువును గాజు పళ్ళెంలో పెంచిన న్యూరాన్లకు ఎక్కించారు. వెలుగు వేసిన మిల్లీసెకన్లలో న్యూరాన్లు పేలాయి, అంటే విద్యుత్ సంకేతాలు పంపాయి. (ఈ కథలో పేర్లు ఎప్పుడూ కొన్ని మిగిలిపోతుంటాయి. ఈగ కంటి ప్రోటీన్లతో 2002లోనే వెలుగుతో న్యూరాన్లను లేపిన గెరో మీజెన్‌బాక్, గుడ్డి చిట్టెలుకల రెటీనాలో ఇదే నాచు ప్రోటీన్ పెట్టిన డెట్రాయిట్ పరిశోధకుడు జువో-హువా పాన్ అలాంటివాళ్ళు.)

నాచు జన్యువు సరైన కణంలోకే వెళ్ళేలా చూడడమే అసలు కిటుకు. స్టెర్న్‌సన్ ప్రయోగంలో వాడినవి ఏజీఆర్‌పీ న్యూరాన్లలో మాత్రమే ‘క్రీ’ అనే ఎంజైమ్ ఉండేలా పెంచిన చిట్టెలుకలు. నాచు జన్యువును తలకిందులుగా పెట్టిన వైరస్‌ను హైపోథాలమస్‌లోకి ఎక్కిస్తారు. వైరస్ అన్ని కణాల్లోకీ పోతుంది, కానీ క్రీ ఉన్న చోటే ఆ జన్యువు సరైన వైపు తిరిగి పని మొదలెడుతుంది. కొన్ని వారాలు ఆగి, మొదట చెప్పిన గాజు తీగ, అంటే ఫైబర్‌లోంచి చిన్న చిన్న వెలుగు తునకలు పంపుతారు. ఎన్ని కణాలు స్పందించగలవు, సెకనుకు ఎన్నిసార్లు మిణికించారు అన్నదాన్ని బట్టి తిండి పెరిగింది. శిక్షణ అక్కర్లేకుండానే తిన్నాయి, నీళ్ళ వైపు మాత్రం పోలేదు. ఇది ఊరికే అలజడి కాదు, ఆకలే అనుకోవడానికి ఈ చివరి సంగతి పెద్ద ఆధారం.

ఇలాంటి ఫలితం చదివేటప్పుడు వెంటనే చూడాల్సింది కంట్రోల్ జంతువులను. నాచు ప్రోటీన్ లేకుండా ఊరికే మెరిసే ప్రోటీన్ మాత్రమే ఉన్న చిట్టెలుకలకు అదే ఫైబర్, అదే వెలుగు ఇచ్చారా లేదా? వెలుగుతో మెదడు కణజాలం కాస్త వేడెక్కుతుంది, ఆ వేడికే న్యూరాన్ల తీరు మారొచ్చు. ప్రయోగం అయ్యాక మెదడును పల్చగా కోసి, ఫైబర్ మొన ఎక్కడ దిగిందో, ప్రోటీన్ ఏ కణాల్లో కనిపిస్తోందో మైక్రోస్కోప్‌లో చూస్తారు, గురి తప్పిన జంతువుల లెక్క తీసేస్తారు.

ఒక మాట సూటిగా చెప్పాలి. ఆప్టోజెనెటిక్స్ దానంతట అది దేన్నీ కొలవదు. కణాలను బలవంతంగా లేపుతుంది లేదా అణచివేస్తుంది, మనం కొలిచేది ఆ తర్వాత జంతువు చేసిన పనిని. పైగా వందల కణాలు ఒకే తాళంలో సెకనుకు 20 సార్లు పేలడం మామూలు మెదడులో జరిగే పని కాదు. అది చెప్పేది ‘ఈ కణాలు లేస్తే ఇది జరగగలదు’ అని మాత్రమే. మామూలు జీవితంలో అవి ఎప్పుడు లేస్తాయన్నది వేరే ప్రశ్న.

దానికి జవాబిచ్చేది కాల్షియం. న్యూరాన్ ఊరికే ఉన్నప్పుడు లోపల కాల్షియం చాలా తక్కువ, 100 నానోమోలార్‌కు అటూ ఇటూగా. పేలినప్పుడు చానెళ్ళు తెరుచుకుని అది పదిరెట్లు, ఇంకా ఎక్కువకు పెరుగుతుంది. రోజర్ సియెన్ 1980ల్లో తయారుచేసిన ఫ్యూరా-2 లాంటి రంగులు ఈ మార్పును వెలుగుగా చూపించాయి, కానీ ఒకసారి ఎక్కించాక అవి ఏ రకం కణమన్నది చూసుకోవు. 2001లో జపాన్‌లో జునిచి నకాయ్ బృందం జెల్లీఫిష్ ఆకుపచ్చ ప్రోటీన్‌ను, కాల్షియాన్ని పట్టుకునే కాల్‌మాడ్యులిన్‌ను కలిపి కుట్టి జీక్యాంప్ అనేదాన్ని చేసింది. కాల్షియం అంటుకుంటే దాని ఆకారం మారి పచ్చగా మెరుస్తుంది. ఇది జన్యువు కాబట్టి నాచు జన్యువు లాగే కావలసిన కణంలో మాత్రమే పెట్టొచ్చు. మొదటి రకాలు మసకగా ఉండేవి. 2013లో జనీలియా నుంచి వచ్చిన జీక్యాంప్6తో బతికున్న జంతువులో చిన్న చిన్న పేలుళ్ళు కూడా కనబడడం మొదలైంది.

నైట్ బృందం జీక్యాంప్‌ను ఏజీఆర్‌పీ కణాల్లో పెట్టి, ఒకే ఫైబర్‌తో నీలి వెలుగు పంపి, తిరిగొచ్చే పచ్చ వెలుగును కొలిచింది. దీన్ని ఫైబర్ ఫోటోమెట్రీ అంటారు. ఆకలితో ఉన్న చిట్టెలుక ముందు మేత పెట్టగానే ఆ పచ్చ వెలుగును చూపే గీత దబ్బున కిందికి పడింది. మేత రుచికరమైనదా, మామూలుదా అన్నదాన్ని బట్టీ, జంతువు ఎంత ఆకలి మీద ఉందన్నదాన్ని బట్టీ ఆ పడిపోవడం మారింది. అదే ఏడాది స్టెర్న్‌సన్ బృందం కూడా తల మీద మోసే బుల్లి మైక్రోస్కోప్‌తో ఒక్కో కణాన్ని విడిగా చూస్తే అలాగే కనబడింది.

ఇది జంతువు కదలడం వల్ల ఫైబర్ ఊగి వచ్చిన నకిలీ సంకేతం కాదని ఎలా తెలుస్తుంది? జీక్యాంప్ మీద సుమారు 405 నానోమీటర్ల ఊదా వెలుగు వేస్తే వచ్చే మెరుపు కాల్షియంతో పెద్దగా మారదు. రెండు వెలుగులూ మార్చి మార్చి వేస్తారు. రెండు గీతలూ కలిసి పడితే అది కుదుపు, నీలి గీత ఒక్కటే పడితే అది న్యూరాన్ల పని. ఈ రెండో గీత చూపించని ఫోటోమెట్రీ పేపర్‌ను నేను కాస్త అనుమానంతోనే చదువుతాను.

దీనికీ పరిమితులున్నాయి. కొలిచేది పేలుళ్ళను కాదు, వాటి వెంట నెమ్మదిగా లేచి పడే కాల్షియాన్ని, కాబట్టి వెంటవెంటనే వచ్చిన పేలుళ్ళు ఒకే గుట్టగా కలిసిపోతాయి. ఫోటోమెట్రీలోనైతే వందల కణాల మొత్తం తప్ప విడివిడిగా తెలియదు. పైగా అంకె ఎప్పుడూ ‘ఇంతకుముందుతో పోలిస్తే ఎంత’ అన్నదే, మెరుపు కూడా వాడే కొద్దీ వెలిసిపోతుంది. అందుకే సెకన్లలో పడిపోవడం స్పష్టంగా దొరికింది గానీ, గంటల తరబడి మెల్లగా పెరిగే ఆకలిని దీనితో పట్టుకోవడం కష్టం.

మళ్ళీ మొదటి చిక్కుకే వద్దాం. తినేటప్పుడు ఈ కణాలు ఊరుకుంటే 2011లో వెలుగు ఎలా తినిపించింది? నైట్ బృందం 2016లో ఒక తెలివైన మార్పు చేసింది. మేత లేనప్పుడు కణాలను వెలుగుతో లేపి, వెలుగు ఆపేశాకే మేత పెట్టింది. అయినా చిట్టెలుకలు పదుల నిమిషాల పాటు జోరుగా తిన్నాయి. ముందు జరిగిన పేలుళ్ళు ఏదో ఒక గుర్తును వదిలి వెళ్ళాయన్నమాట. 2019లో అదే బృందం ఆ నిలిచిపోయే ప్రభావానికి ఈ కణాలు విడుదల చేసే ఎన్‌పీవై అనే న్యూరోపెప్టైడ్, అంటే న్యూరాన్లు సంకేతంగా వాడే చిన్న ప్రోటీన్ లాంటి అణువు, అవసరమని చూపింది. అటు 2017లో రెండు బృందాలు మేతను నోటితో పని లేకుండా నేరుగా కడుపులోకి పంపి చూశాయి. కేలరీలు లోపలికి వెళ్ళాకే కణాలు చాలాసేపు ఊరుకున్నాయి. చూపుతో వచ్చే తగ్గుదల ముందస్తు అంచనా, కడుపు నుంచి వచ్చేది దాని ఖరారు అని ఈ ఫలితాలను చదవొచ్చు.

అయితే గొడవంతా తీరలేదు. స్టెర్న్‌సన్ వర్గం లెక్కలో ఈ కణాలు లేవడం జంతువుకు బాధ, ఆ బాధ తగ్గడం కోసమే మేత వెతుకుతుంది. ఈ కణాలను లేపినప్పుడు ఉన్న చోటుకు వాళ్ళ చిట్టెలుకలు దూరంగా జరిగాయి. నైట్ బృందం 2016 ప్రయోగాల్లో మాత్రం ఆ కణాలు లేవడమే జంతువును ఆకర్షించేదిగా కనిపించింది, దానివల్ల మేత మరింత ఇష్టంగా మారుతుందని వాళ్ళ వాదన. మేత అందుబాటులో ఉందా, వెలుగు ఎప్పుడు ఇచ్చారు, జంతువుతో ఏ పని చేయించారు అన్నవి రెండు చోట్లా ఒకటి కావు. లేపుతూనే గమనిద్దామంటే ఇంకో అడ్డంకి: నాచు ప్రోటీన్‌కూ జీక్యాంప్‌కూ కావలసింది ఒకే నీలి వెలుగు, కొలవబోతే కణం లేచి కూర్చుంటుంది. అందుకే ఎర్ర వెలుగుకు తెరుచుకునే క్రిమ్సన్ లాంటి ప్రోటీన్లు 2014 నుంచి వాడుకలోకి వచ్చాయి. వాటితోనూ నీలి వెలుగు తీవ్రతను బాగా తగ్గించి పెట్టుకోవాలి, ఎందుకంటే క్రిమ్సన్ నీలి వెలుగుకు కూడా కొద్దో గొప్పో తెరుచుకుంటుంది.