సెలవు ఎవరు ఇచ్చారు? ఆత్మకూరు 2022 చెప్పే సంగతి

రేపు సెలవా కాదా అన్న ప్రశ్నకు ముందు సెలవు ఇచ్చే అధికారం ఎవరిదో తెలియాలి. నెల్లూరు జిల్లా ఆత్మకూరు నియోజకవర్గం 2022లో సంతాపాన్నీ ఎన్నికనూ నాలుగు నెలల తేడాతో చూసింది.

ఆ ఏడాది ఫిబ్రవరి 21న ఆత్మకూరు ఎమ్మెల్యే, మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి మరణించారు. ప్రభుత్వం రెండు రోజులు సంతాప దినాలుగా ప్రకటించింది. సంతాప దినమంటే జెండాను సగానికి దించడం, అధికారిక వేడుకలు మానుకోవడం. సెలవు దాని వెంటే వస్తుందని చాలామంది అనుకుంటారు కానీ, దానికి ప్రభుత్వం విడిగా ఉత్తర్వు ఇవ్వాలి. బ్యాంకులు కూడా మూయాలంటే ఆ సెలవు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద ప్రకటించినదై ఉండాలి. 2024 డిసెంబరులో మన్మోహన్ సింగ్ మరణించినప్పుడు తెలంగాణ సెలవు ఇచ్చింది. అలాంటి వార్త స్క్రీన్‌షాట్‌గా ఒంగోలు చేరేసరికి రాష్ట్రం పేరు ఎగిరిపోతుంది.

జూన్ 23న ఉప ఎన్నిక పోలింగ్. ఇక్కడ ఆధారం ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135బి సెక్షన్. ఓటు ఉన్న ఉద్యోగికి పోలింగ్ రోజున జీతం కోయకుండా సెలవు ఇవ్వాలి. ఈ హక్కు ఓటును బట్టి వస్తుంది, దుకాణం ఉన్న ఊరిని బట్టి కాదు. నెల్లూరు నగరంలో ఆ రోజు పోలింగ్ లేదు. అయినా అక్కడి బట్టల కొట్టులో పనిచేస్తున్న మర్రిపాడు ఓటరుకు సెలవు ఇవ్వాల్సిందే. పనివాడు లేకపోతే ప్రమాదమో భారీ నష్టమో కలిగే చోట్ల మాత్రం మినహాయింపు ఉంది. పోలింగ్ తేదీ, పరిధి ceoandhra.nic.in లో చూసుకోవచ్చు.

చిత్రమేమిటంటే, అప్పుడు జీవోలు వెతుక్కోవడమే కష్టం. 2021 ఆగస్టులో ప్రభుత్వం goir.ap.gov.in లో జీవోలు పెట్టడం ఆపేసింది. 2024లో ప్రభుత్వం మారాకే మళ్లీ మొదలయ్యాయి. అధికారిక పత్రం చేతికందకపోతే వాట్సాప్ కబురుదే రాజ్యం.

వానల సెలవు దారి వేరు. తుపాను వేళ బడులకు సెలవు సాధారణంగా జిల్లా కలెక్టరు ఇస్తారు, డీఈవో ద్వారా బడులకు చేరుతుంది. అది పిల్లలకే, రెవెన్యూ సిబ్బందికి ఆ రోజే అసలు పని. ఉత్తర్వు చేతికి వస్తే ముందు తేదీ, జిల్లా పేరు చూడండి. పాత తుపాను కాగితమే తేదీ కత్తిరించుకుని తిరుగుతూ ఉంటుంది. తర్వాత ప్రైవేటు బడులూ కళాశాలలూ అందులో ఉన్నాయా లేక ప్రభుత్వ బడుల వరకేనా అన్నది చదవండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు మారింది, తర్వాత మళ్లీ ప్రకాశంలో కలిసింది. అలాంటి చోట పాత అలవాటుతో పాత జిల్లా కలెక్టరు మాట వింటే పిల్లలు వానలో బడి గేటు ముందు నిలబడతారు. మీ మండలం ఈ రోజు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా వెబ్‌సైటు, అంటే spsnellore.ap.gov.in లేదా prakasam.ap.gov.in చూడండి. అక్కడ ఇంకా పెట్టకపోతే మండల విద్యాధికారికో ప్రధానోపాధ్యాయుడికో ఫోన్ చేయండి.