ఏటవాలు మెట్లకు అడ్డంగా కొలిచిన స్పాన్ ఎందుకు?

ఇల్లు కట్టుకుంటున్న ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: "మెట్ల స్లాబ్ ఏటవాలుగా ఉంటుంది, కాబట్టి దాని అసలు పొడవు ఎక్కువ. అయినా ఇంజనీరు గారు ప్లానులో కనిపించే అడ్డం పొడవునే స్పాన్‌గా తీసుకున్నారు. స్టీలు తగ్గించడానికేనా?"

కాదు, ఆయన చేసింది సరైనదే. స్పాన్ అంటే స్లాబ్ ఆనే రెండు ఆధారాల మధ్య దూరం, దాన్ని ఇక్కడ అడ్డంగానే కొలవాలి. కాకపోతే ఎందుకు సరైనదో చాలా క్లాసుల్లో చెప్పరు. "ప్లాన్ స్పాన్ తీసుకోవాలి" అని బోర్డు మీద రాసేసి ముందుకు వెళ్లిపోతారు. ఆ ఒక్క మాట వెనక చాలా అందమైన లెక్క ఉంది.

ఒక మామూలు ఇంటి మెట్లే తీసుకుందాం. అంతస్తు ఎత్తు 3 మీటర్లు, మధ్యలో ల్యాండింగ్, రెండు వరసలు. మెట్టు ఎత్తు, అంటే రైజర్ 150 మి.మీ., అడుగు పెట్టే ట్రెడ్ 250 మి.మీ. ఒక్కో వరసలో 10 రైజర్లు, 9 ట్రెడ్లు. కింది వరస కింద ఒక బీమ్ మీద మొదలై, పైన ల్యాండింగ్‌ను కూడా కలుపుకుని అవతలి గోడ మీద ఆనుతుంది. పక్క గోడల్లోకి స్లాబ్ వెళ్లదు. బరువంతా పొడవునా ప్రయాణించి ఈ రెండు చివరలకే చేరుతుంది. ఆ ఆధారాల మధ్య నుంచి మధ్యకు అడ్డంగా కొలిస్తే 3.4 మీటర్లు.

ఇప్పుడు అసలు సంగతి. 150కి 250 వాలు అంటే దాదాపు 31 డిగ్రీలు. దాని కొసైన్ 0.857. లెక్క సులువుగా ఉండేందుకు స్లాబ్ మొత్తం వాలుగానే ఉందనుకోండి. ప్లానులో మీటరుకు w బరువు పడుతుంటే, అదే బరువు వాలు వెంట 1.166 మీటర్ల మేర పరుచుకుంటుంది. అందుకే వాలు మీద మీటరుకు పడేది 0.857 w మాత్రమే. పైగా బరువు నిలువుగా కిందికి లాగుతుంది, కానీ స్లాబ్‌ను వంచేది దాని ఉపరితలానికి లంబంగా ఉన్న భాగమే. అంటే మరోసారి 0.857తో గుణించాలి. అలా వంచే బరువు 0.735 w కి దిగింది. మరోవైపు పొడవు 1.166 రెట్లు పెరిగింది. బరువు స్లాబ్‌ను ఎంత గట్టిగా వంచుతుందో చెప్పేది వంపు మూమెంట్. అందులో పొడవు వర్గమై వస్తుంది, కాబట్టి అక్కడ 1.36 రెట్లు. 0.735ను 1.36తో గుణించి చూడండి, సరిగ్గా ఒకటి వస్తుంది! వాలు కోణం ఎంతైనా ఇదే జరుగుతుంది. చివరికి మిగిలేది మామూలు స్లాబ్ సూత్రమే:

M = wL²/8, ఇక్కడ L అడ్డంగా కొలిచిన స్పాన్.

బరువులో మిగిలిన భాగం వాలు వెంట పనిచేస్తుంది. దానివల్ల స్లాబ్ పొడవులో కింది సగంలో కొంచెం నొక్కుడు, పై సగంలో కొంచెం లాగుడు వస్తాయి. ఇంటి మెట్లకు అవి చిన్నవి. ఎవరైనా ప్లాన్ బరువును అలాగే ఉంచి వాలు పొడవును స్పాన్‌గా వేస్తే, మూమెంట్ 36 శాతం ఎక్కువ వస్తుంది. అది భద్రత కాదు, లెక్క తప్పు.

అయితే ఈ బేరంలో ఒక షరతు ఉంది. w నిజంగా ప్లాన్ మీద చదరపు మీటరుకు లెక్కించిన బరువే అయి ఉండాలి. చాలామంది జారేది ఇక్కడే. మెట్ల కింద ఏటవాలుగా ఉండే స్లాబ్‌ను వెయిస్ట్ అంటారు. దాని మందం 150 మి.మీ. అనుకుందాం. కాంక్రీటు బరువు ఘనపు మీటరుకు 25 కిలోన్యూటన్లు కాబట్టి, వాలు మీద చదరపు మీటరుకు 3.75. దాన్ని ప్లాన్‌కు మార్చాలంటే 1.166తో గుణించాలి: 4.37. మెట్లు త్రిభుజాలు కాబట్టి సగటు మందం రైజర్‌లో సగం, 75 మి.మీ.: 1.88. గ్రానైట్, దాని కింద మాలు కలిపి 1. మనుషులు, సామాన్ల కోసం నివాస భవనాల మెట్లకు 3. మొత్తం 10.25. అంటే చదరపు మీటరుకు టన్ను పైమాటే. భద్రత కోసం దీన్ని 1.5తో గుణిస్తే 15.4.

ల్యాండింగ్ మీద మెట్లూ లేవు, వాలూ లేదు. అక్కడ 11.6 చాలు. రెండింటినీ విడివిడిగా వేసి లెక్కిస్తే మూమెంట్ 21.2 కిలోన్యూటన్ మీటర్లు. పొడవంతా 15.4 పట్టేస్తే 22.3. ఐదు శాతం తేడా కోసం కుస్తీ అక్కర్లేదు, పెద్దదే తీసుకుందాం.

స్లాబ్ మందంలోంచి, స్టీలును కప్పే కాంక్రీటు, అంటే కవర్ 20 మి.మీ., 10 మి.మీ. రాడ్డులో సగం తీసేస్తే స్టీలు వరకు లోతు 125 మి.మీ. ఎం20 కాంక్రీటు, ఎఫ్‌ఈ500 స్టీలుతో మీటరు వెడల్పుకు 451 చదరపు మి.మీ. స్టీలు కావాలి. 10 మి.మీ. రాడ్లు 150 దూరంలో వేస్తే 523 వస్తుంది. బలానికి ఇది బాగానే సరిపోయింది. కానీ పని అయిపోలేదు.

స్లాబ్ విరగకపోయినా కుంగవచ్చు. స్పాన్‌ను లోతుతో భాగిస్తే ఇక్కడ 27.2 వస్తోంది. కాంక్రీటు నిర్మాణాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, రెండు చివరలా ఊరికే ఆనిన స్లాబ్‌కు మూల నిష్పత్తి 20. స్టీలు ఎంత ఉంది, అది ఎంత ఒత్తిడిలో పనిచేస్తోంది అన్నదాన్ని బట్టి దాన్ని పెంచుకోవచ్చు. 150 దూరానికి అది 25.2 దగ్గరే ఆగిపోతుంది, చాలదు. రాడ్ల దూరం 125కు తగ్గిస్తే స్టీలు 628 అవుతుంది, ఒక్కో రాడ్డు మీద ఒత్తిడి తగ్గుతుంది, పరిమితి 28.2కి పెరుగుతుంది. ఇప్పుడు గట్టెక్కింది. మన మెట్లలో స్టీలును నిర్ణయించింది బలం కాదు, కుంగుబాటు. వీటికి అడ్డంగా 8 మి.మీ. రాడ్లు 250 దూరంలో చాలు.

మెట్ల సంఖ్య బేసిలో ఉండాలన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. ఆ పట్టింపుతో 20 రైజర్లను 21 చేస్తే ఒక వరసలో 11 పడతాయి, ఆ వరస స్పాన్ 3.65 మీటర్లవుతుంది. మూమెంట్ సుమారు 14 శాతం పెరుగుతుంది, నిష్పత్తి 29 దాటుతుంది. 125 దూరంలో వేసిన స్టీలు ఇక కుంగుబాటుకు సరిపోదు. కాబట్టి ఆ కోరిక ఏదో ముందే, డ్రాయింగ్ గీసేటప్పుడే చెప్పాలి. సెంట్రింగ్ కొట్టాక ఒక మెట్టు కలపమనడం ప్రమాదం.

సైట్లో జరిగే తప్పుల్లో నన్ను బాగా కలవరపెట్టేవి రెండు. మొదటిది మందం కొలిచే తీరు. వెయిస్ట్‌ను వాలుకు లంబంగా కొలవాలి. మేస్త్రి టేపును నిలువుగా పట్టి 150 చూస్తే అసలు మందం 129 మాత్రమే. స్టీలు వరకు లోతు 125 నుంచి 104కు పడిపోతుంది, నిష్పత్తి 33 దగ్గరికి వెళ్తుంది. ఇలాంటి మెట్లు విరిగిపడకపోవచ్చు గానీ నడుస్తుంటే అదురుతాయి. కాంక్రీటు పోయకముందు సెంట్రింగ్ పలక మీద మూలమట్టం ఆనించి, రెండు మెట్లు కలిసే లోపలి మూల దాకా కొలిస్తే చాలు, నిజం తెలిసిపోతుంది.

రెండోది పై ల్యాండింగ్ దగ్గర. వాలు స్లాబ్ అడ్డంగా తిరిగే చోట, అడుగున ఉన్న రాడ్లను అదే వంపులో వంచి ల్యాండింగ్ అడుగుకు తీసుకెళ్తుంటారు. లాగుడులో ఉన్న రాడ్డు తిన్నగా సాగాలని చూస్తుంది, దాంతో ఆ మూలలో కవర్ కాంక్రీటును కిందికి నెట్టి ఊడగొడుతుంది. వాలులోని అడుగు రాడ్లను తిన్నగా పైకి పోనిచ్చి ల్యాండింగ్ పైభాగంలో ఆపాలి. ల్యాండింగ్ అడుగు రాడ్లను కూడా అలాగే తిన్నగా వాలు స్లాబ్ పైభాగంలోకి పంపాలి. ఒకదాన్నొకటి దాటాక 10 మి.మీ. రాడ్డుకు కనీసం 570 మి.మీ. పొడవు ఉండాలి. కింద చదునుగా మొదలై పైకి లేచే మలుపులో మాత్రం ఈ బెడద లేదు, అక్కడ రాడ్డు లాగేది కాంక్రీటు లోపలికే కాబట్టి వంచినా ఫర్వాలేదు.