ఘాట్ రోడ్డు మీద పాత బస్సు బొమ్మ

నిజాం రైల్వే వాళ్లు 1932లో బస్సులు నడపడం మొదలుపెట్టిన కాలం నాటి ఆల్బియన్ బస్సు ఒకటి అనంతగిరి ఎక్కుతున్నట్టు గీయాలనుకున్నాను. బాడీ బాగానే వచ్చింది. చక్రాల దగ్గరే పట్టుబడ్డాను.

ముందు చదునైన రోడ్డు మీద చూద్దాం. నేను నేల మీద కూర్చున్నాను, కళ్లు ఇరుసు ఎత్తులో ఉన్నాయి. బస్సు పక్కభాగం నాకు అడ్డంగా 3 మీటర్లు, ముందు చక్రం పొడవునా 4 మీటర్లు. అంటే చక్రానికీ నాకూ మధ్య 5 మీటర్లు. అప్పుడు దాని వెడల్పు ఎత్తులో ఐదింట మూడు వంతులే కనిపిస్తుంది. 10 సెంటీమీటర్ల ఎత్తు గీస్తే వెడల్పు 6. వెనక చక్రం ఇంకో 4 మీటర్ల అవతల ఉందనుకుంటే దాని ఎత్తు దాదాపు 6 సెంటీమీటర్లు, వెడల్పు 2 మాత్రమే! నేను దాన్ని ముందు చక్రానికే చిన్న నకలుగా గీశాను. అందుకే అది బయటికి తిరిగినట్టు కనబడింది.

ఇక వాలు సంగతి. 11 మీటర్లకు ఒక మీటరు లేచే రోడ్డంటే సుమారు 5 డిగ్రీలు. బస్సు వాలింది కదా అని చక్రాల కోడిగుడ్డు ఆకారాన్నీ వాల్చేస్తాం. అది తప్పు. ఎక్కేటప్పుడు ఇరుసు అడ్డంగా సమంగానే ఉంటుంది, చక్రం తన చుట్టూ తాను కాస్త తిరిగిందంతే. పళ్లాన్ని ఉన్నచోటే తిప్పితే దాని అంచు మారుతుందా? మారేదల్లా టైరు నేలను తాకే చోటు. మీటరు చక్రానికైతే అది ఇరుసుకు సూటిగా కింద కాక సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు ఎగువకు జరుగుతుంది. రోడ్డు పక్కకు వాలిన మలుపులో మాత్రం ఇరుసే వంగుతుంది, దాంతో ఆకారమూ వంగుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ప్రతిబింబం. బస్సు కిటికీ కమ్ములు రోడ్డుకు లంబంగా ఉంటాయి, పక్కనున్న చెట్టు మాత్రం నిట్టనిలువుగా ఉంటుంది. పక్కనుంచి చూస్తే, వానకు తడిసి మెరిసే తారు మీద కమ్ముల ప్రతిబింబం కమ్ముల వరసలోనే తిన్నగా కిందికి సాగుతుంది. చెట్టు ప్రతిబింబం మొదట్లోనే 10 డిగ్రీలు విరిగి ఎగువ వైపుకి పోతుంది, ఎందుకంటే అద్దం ఇక్కడ వాలి ఉన్న రోడ్డే.

అదే రోడ్డు పక్క గుంటలో నిలిచిన నీళ్లలో అంతా తలకిందులు. నీటి మట్టం కొండ మీదైనా సమమే. అందులో చెట్టు తిన్నగా దిగుతుంది, విరిగేది బస్సు, అదీ దిగువ వైపుకి. నా బొమ్మలో రెండూ ఒకేలా దిగాయి. తారంతా చెరిపి మళ్లీ వేస్తున్నాను.