డబ్బాలో గోధుమరంగు, చెంప మీద బూడిద

మొన్న మా అక్క కూతురు ఫొటో ఒకటి పంపి, "పిన్నీ, డబ్బాలో ముదురు గోధుమరంగులో ఉన్న బ్రాంజర్ నా చెంప మీదకి రాగానే బూడిద రాసినట్టు ఎందుకయింది? నా రంగుకి ఇవి నప్పవా?" అని అడిగింది. నప్పకపోవడం కాదే, తప్పు నీ చర్మానిది కాదు, ఆ పౌడర్‌లో ఉన్న తెల్ల పొడిది అన్నాను. ఎందుకో చెప్పబోతే అరగంట పట్టింది, అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు కాంటూర్, బ్రాంజర్, హైలైటర్ మూడింటికీ తేడా, అది చిన్న విషయమే. కాంటూర్ నీడకి నకలు, బ్రాంజర్ ఎండకి నకలు, హైలైటర్ మెరుపుకి నకలు. నీడ మెరవదు కాబట్టి కాంటూర్‌లో తళుకు ఉండకూడదు, దాన్ని చెంప ఎముక కింద పల్లంలో, దవడ అంచున వేస్తారు. ఎండ తగిలే చోట్లు నుదురు, చెంపల పైభాగం, ముక్కు. బ్రాంజర్ అక్కడికి, దాని రంగులో ఎరుపో పసుపో కలిసిన వెచ్చదనం ఉంటుంది. హైలైటర్ ఎత్తుగా ఉన్న ఎముకల మీదికి. అయిపోయింది. అసలు కథ ఆ పొడి రేణువులో ఉంది.

పౌడర్ బ్రాంజర్‌లో రంగునిచ్చేవి ఐరన్ ఆక్సైడ్లు, అంటే ఎరుపు, పసుపు, నలుపు తుప్పులే. మిగతాదంతా ఎక్కువగా టాల్క్, అభ్రకం లాంటి పొడులు. టాల్క్ పలకని విడిగా చూస్తే దాదాపు పారదర్శకం, మరి పొడి చేస్తే తెల్లగా ఎందుకవుతుంది? వెలుతురు గాలిలోంచి టాల్క్‌లోకి దూరేటప్పుడు ఆ సరిహద్దు దగ్గర కొంత వెనక్కి తిరుగుతుంది. ఎంత తిరుగుతుందనేది రెండింటి వక్రీభవన గుణకాల, అంటే వెలుతురుని ఎంత వంచుతాయో చెప్పే అంకెల, తేడాని బట్టి ఉంటుంది. గాలికి 1, టాల్క్‌కి సుమారు 1.58. లెక్క కడితే ఒక్కో సరిహద్దు దగ్గర 5 శాతం వెనక్కి వస్తుంది. పొడిలో అలాంటి సరిహద్దులు వేలకి వేలు, కాబట్టి అన్ని రంగుల వెలుతురూ చెల్లాచెదురై తిరిగొస్తుంది, మన కంటికి అది తెలుపు. మనకి బళ్ళో పరావర్తనం అంటే అద్దం, పతన కోణం, పరావర్తన కోణం అని చెప్పి ఆపేశారు, పొడి ఎందుకు తెల్లగా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పలేదు, నాకిప్పటికీ కోపమే.

ఇప్పుడు అదే పొడిని నూనెలో కలపండి. మినరల్ ఆయిల్ గుణకం సుమారు 1.47, టాల్క్‌తో తేడా బాగా తగ్గిపోయింది. ఒక్కో సరిహద్దు దగ్గర వెనక్కి వచ్చేది 5 శాతం నుంచి 0.13 శాతానికి, అంటే నలభయ్యో వంతుకి పడిపోతుంది. టాల్క్ ఉన్నా కనిపించదు, తుప్పు రంగు మాత్రం కనిపిస్తుంది. నూనె చుక్క పడ్డ కాగితం అక్కడ పారదర్శకం అవడం, తడిసిన ఇసుక ముదురు రంగులోకి మారడం, అన్నీ ఇదే. క్రీమ్ బ్రాంజర్ అంటే ముందే తడిపి పెట్టిన ఇసుక అనుకోండి, పౌడర్ అంటే పొడి ఇసుక.

అయితే లేత రంగు వాళ్ళకీ అదే పౌడర్ కదా, వాళ్ళకి బూడిద ఎందుకు రాదు? వస్తుంది, కనిపించదు. ఊరికే లెక్క కోసం, లేత చర్మం మీద పడిన 100 పాళ్ళ వెలుతురులో 50 తిరిగొస్తుంది అనుకుందాం, ముదురు చర్మం నుంచి 10. పొడి వల్ల ఇద్దరికీ చెరో 3 పాళ్ళు తెలుపు కలిసింది. యాభై కాస్తా యాభైమూడు అయితే ఆరు శాతం తేడా, ఎవరూ పట్టించుకోరు. పది కాస్తా పదమూడు అయితే ముప్ఫై శాతం, ఎదురుగా ఉన్నవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. పైగా ఆ మూడూ రంగు లేని తెలుపు కాబట్టి చర్మంలోని ఎరుపుని పలచన చేస్తుంది, అందుకే అది తెల్లగా కాకుండా బూడిదగా కనిపిస్తుంది.

అలాగని క్రీమ్ అన్న పేరు చూసి కొనేయకండి, ఇక్కడో మెలిక ఉంది. కొన్ని క్రీముల్లో షేడ్‌ని లేతగా చేయడానికి, కింద ఉన్నది కప్పడానికి టైటానియం డయాక్సైడ్ వేస్తారు. దాని గుణకం 2.6 పైనే, నూనెలో ముంచినా ఒక్కో సరిహద్దు దగ్గర 8, 9 శాతం వెలుతురు వెనక్కి పంపుతుంది. తడిపినా మారని తెలుపు అది.

మా పిల్ల చేత చేయించిన పరీక్ష ఇదే. మోచేతి లోపలివైపు పౌడర్‌ని వేలెడంత చారలా రాసి, సగం చార మీద ఒక్క నూనె చుక్క వేసి వేలితో అద్దమన్నాను. నూనె తగిలిన సగం ముదురు గోధుమరంగులోకి మారి, బూడిద మాయమైతే గొడవ టాల్క్, అభ్రకంతోనే, క్రీమ్‌కి మారితే సరిపోతుంది. ఆ సగం కూడా సుద్ద రాసినట్టు ఉంటే టైటానియం ఎక్కువో, అసలు షేడే లేతదో, అలాంటిది ఏ రూపంలో ఉన్నా వద్దు. ఆమెకి మొదటిదే వచ్చింది. అన్నట్టు, సాయంత్రానికి పౌడర్ నల్లబడితే "ఆక్సిడైజ్ అయింది" అంటారు, కానీ తుప్పు మళ్ళీ తుప్పు పట్టదు కదా, చాలావరకు జరిగేది ముఖం మీది జిడ్డు పొడిని తడపడమే, నూనె చుక్క చేసిన పనే.

ఇక కాంటూర్. పది పాళ్ళు తిరిగొచ్చే చర్మం మీద నీడ వేస్తే ఏడుకో ఆరుకో దిగుతుంది, అంతకంటే కిందికి దిగడానికి చోటు లేదు. లేత చర్మానికి పనికొచ్చే బూడిద కలిసిన గోధుమరంగు కాంటూర్ ఇక్కడ నీడలా కాకుండా మరకలా ఉంటుంది. ఒకటి రెండు షేడ్లు ముదురుగా, కొంచెం ఎరుపు కలిసిన క్రీమ్ చూసుకోండి. చాలా ముదురు ఛాయ ఉన్నవాళ్ళు నీడతో తంటాలు పడేకన్నా మెరుపుతో ముఖానికి ఆకారం ఇవ్వడం తేలిక.

ఎందుకంటే మెరుపు విషయంలో లెక్క తిరగబడుతుంది. చర్మం పైపొర నుంచి అద్దంలా వెనక్కి వచ్చే వెలుతురు ఎవరికైనా 4 శాతం దగ్గరే, మెలనిన్‌కి దానితో పని లేదు. యాభై పక్కన నాలుగు తేలిపోతుంది, పది పక్కన నాలుగు వెలిగిపోతుంది. అందుకే ముదురు చర్మం మీద పల్చటి క్రీమ్ హైలైటర్, ఒక్కోసారి ఉత్త నూనె తడి కూడా చాలు. వెండి, ముత్యం రంగు పౌడర్లు మాత్రం వద్దనే చెప్తాను. వాటిలో తళుకు పక్కనే తెల్ల పొడి ఉంటుంది, పక్కకి తిరిగితే ఆ తెల్ల చార కనిపిస్తుంది. రాగి, కంచు, బంగారం రంగుల్లో చాలావాటిలో అభ్రకం పలక మీద ఐరన్ ఆక్సైడ్ పూత ఉంటుంది, అది మెరవని కోణంలో కూడా గోధుమగానే ఉంటుంది. నీలం, గులాబీ మెరుపులున్నవి ముదురు చర్మం మీద ఇంకా గట్టిగా పలుకుతాయి, ఎందుకంటే పలక దాటి లోపలికి వెళ్ళిన మిగతా రంగుల్ని చర్మం మింగేస్తుంది, అవి తిరిగొచ్చి మెరుపుని పలచన చేయవు. నీలి చెంప కావాలనుకుంటే అది వరం.

క్రీమ్‌కీ ఇబ్బందులున్నాయి, జిడ్డు చర్మం మీద మధ్యాహ్నానికి జారుతుంది. దాని మీద సెట్టింగ్ పౌడర్ దట్టంగా కొడితే మళ్ళీ పొడి ఇసుక కథే, ఫ్లాష్ ఫొటోలో అయితే మరీ తెల్లగా పడుతుంది. మా పిల్ల ఇప్పుడు క్రీమ్ బ్రాంజర్ వేసి, అది ఇంకా జిగటగా ఉండగానే తన పాత పౌడర్‌నే బ్రష్ చివరతో చాలా కొంచెం తీసుకుని అద్దుతోంది. రుద్దదు, రుద్దితే కింది క్రీమ్ లేచిపోయి మచ్చలు పడతాయి. కింద ఉన్న నూనె ఆ కొంచెం పొడినీ తడిపేస్తుంది కాబట్టి అదే పాత డబ్బా ఇప్పుడు గోధుమరంగులోనే కనిపిస్తోంది.