సిగ్నల్ పోయిన శనివారం

పలాసలో మా మావయ్యకి జీడిపప్పు వ్యాపారం. ఒక శనివారం సాయంత్రం ఐదు గంటలకి ఆయన ఫోన్‌లో సిగ్నల్ గీతలు మాయమయ్యాయి. కాశీబుగ్గ వైపు గాలివాన పడుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. "టవర్ పోనాదిరా, రేపొస్తాది" అన్నాడు. ఆదివారం కొట్టు మూసే ఉంటుంది, ఇంట్లో వైఫై ఉంది, వాట్సాప్ నడుస్తూనే ఉంది. పక్కనున్న అత్త ఫోన్‌లో, అదే కంపెనీ సిమ్‌తో, సిగ్నల్ నిండుగా ఉన్న సంగతి ఎవరూ చూడలేదు. చూసి ఉంటే అప్పుడే తెలిసేది. టవర్ పోతే ఇద్దరిదీ పోవాలి కదా.

ఆదివారం రాత్రి ఎనిమిదికి ఆయన ఖాతాలోంచి రూ. 50,000 పోయాయి. కొత్తగా చేర్చిన ఖాతాకి మొదటి రోజు అంతకు మించి పంపనివ్వదు ఆయన బ్యాంకు. లేకపోతే సరుకు డబ్బంతా పోయేది.

వారం ముందు ఆయనకి ఒక మెసేజ్ వచ్చింది. కేవైసీ చేయకపోతే ఖాతా ఆగిపోతుందని అందులో ఉంది. లింకు తెరిచి యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, పుట్టిన తేదీ నింపేశాడు. ఓటీపీ మాత్రం ఇవ్వలేదు. "ఓటీపీ ఎవడికీ చెప్పలేదురా" అని ఇప్పటికీ అంటాడు. నిజమే, చెప్పలేదు. దొంగలు ఆయన్ని అడగాల్సిన పని లేకపోయింది.

ఎందుకంటే ఓటీపీ మన ఫోన్‌కి రాదు, మన నంబరుకి వస్తుంది. నంబరేమో సిమ్‌లో ఉండదు. ప్రతి సిమ్‌కీ ఐఎంఎస్ఐ అని సొంత గుర్తింపు అంకె ఉంటుంది. ఫలానా మొబైల్ నంబరు ఫలానా ఐఎంఎస్ఐకి చెందుతుందని కంపెనీ రిజిస్టరులో ఒక వరస రాసి ఉంటుంది. ఫోన్ పోయిందని కొత్త సిమ్ అడిగితే కౌంటర్లో మార్చేది ఆ వరసనే. మార్చిన నిమిషాల్లో పాత సిమ్ మూగబోతుంది. దొంగ పత్రాలు పెట్టో, లోపలి మనిషిని పట్టుకునో, మనకే ఫోన్ చేసి ఈసిమ్‌కి మార్పించో ఈ మార్పు చేయిస్తారు. పాత పద్ధతి ఇంకా తమాషాగా ఉండేది. నెట్‌వర్క్ బాగుచేస్తామని చెప్పి, కొత్త సిమ్ వెనకాల 20 అంకెల నంబరు మనచేతే కంపెనీకి ఎస్సెమ్మెస్ పంపించేవారు. చేజేతులా మనమే అప్పజెప్పేవాళ్లం.

ఇంత బలహీనమైన చోట తాళం ఎందుకు పెట్టారు? 2009 ఆగస్టు 1 నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకి కార్డు మీద కనిపించని మరో ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన తెచ్చింది. ఎస్సెమ్మెసే వాడమని అందులో లేదు. కానీ జనం చేతుల్లో అప్పటికే ఉన్నది మామూలు మొబైల్ ఒక్కటే, అందుకని బ్యాంకులు దాన్నే పట్టుకున్నాయి. ఆనాటికి అది మంచి పనేనని నేనంటాను. పొరపాటు ఆ తర్వాత జరిగింది. పాస్‌వర్డ్ మర్చిపోతే వచ్చే కోడ్ కూడా అదే నంబరుకి పంపడం మొదలుపెట్టారు. రెండు తాళాలు, రెండింటికీ ఒకే తాళంచెవి.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఎస్సెమ్మెస్ కోడ్‌ని పరిమితులున్న పద్ధతుల్లో చేర్చింది. 2019 ఆగస్టులో ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ ఖాతానే ఇలా నంబరు లాక్కుని వాడేశారు. మన దగ్గర టెలికాం శాఖ పెట్టిన అడ్డు, సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేయడం. మంచి అడ్డే, కానీ దాని బలమంతా సిమ్ యజమాని ఆ 24 గంటల్లో కదలడం మీద ఆధారపడి ఉంది. శనివారం సాయంత్రం ఎందుకు ఎంచుకున్నారో ఇప్పుడు అర్థమవుతుంది. ఆదివారం సాయంత్రం ఐదు దాటాక గడువు తీరింది, ఎనిమిదికి డబ్బు పోయింది.

ఆథెంటికేటర్ యాప్‌లో ఈ దారి ఉండదు. ఒక రహస్యం ఫోన్‌లోనే దాగి ఉంటుంది, దాన్నీ గడియారాన్నీ కలిపి యాప్ ప్రతి 30 సెకన్లకీ కోడ్ లెక్కగడుతుంది. సిమ్ ఎవరి చేతికి పోయినా ఆ లెక్క కదలదు. అయితే ఆ కోడ్‌ని కూడా దొంగ పేజీలో నింపితే అంతే సంగతులు. మావయ్య విషయంలో అదే భయం నాకు.

సోమవారం ఉదయం సిమ్ కౌంటర్‌కి వెళ్తే "శనివారమే మీ పేరున కొత్త సిమ్ ఇచ్చాం కదండీ" అన్నారు. అక్కణ్ణుంచే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాడు, తర్వాత బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చాడు. పాస్‌వర్డ్ మీరే ఇచ్చారు కాబట్టి తప్పు మీదేనంటోంది బ్యాంకు. ఖాతాదారు నిర్లక్ష్యాన్ని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదేనని 2017 జూలై నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ చూపిస్తున్నాడు మావయ్య. సిమ్ మారిన గంట, నిమిషం రాసిచ్చే కాగితం కోసం ఇప్పుడు టెలికాం ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు.