అరికాళ్ళ మంటలన్నీ షుగర్ ఖాతాలోకేనా?

ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళు అరికాళ్ళు మండుతున్నాయంటే ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. షుగర్ ఉందిగా, మంటలు రాకుండా ఉంటాయా అనేస్తారు. ఇంట్లోవాళ్ళ సంగతి సరే, ఒక్కోసారి డాక్టర్లు కూడా అక్కడితో కారణం వెతకడం ఆపేస్తారు. చాలాసార్లు ఆ ఊహ నిజమే అవుతుంది. కానీ షుగర్ కోసం రోజూ మింగే మెట్‌ఫార్మిన్ మాత్రే కొందరిలో మరో కారణాన్ని తెచ్చిపెడుతుంది. అది బి12 విటమిన్ లోపం. షుగర్ చేసిన నష్టాన్ని వెనక్కి తిప్పడం కష్టం. బి12 లోపం చేసిన నష్టాన్ని తొందరగా పట్టుకుంటే చాలావరకు సరిదిద్దవచ్చు. అందుకే రెండింటినీ ఒకే గాటన కట్టేయకూడదు.

అసలు మంట కాళ్ళలోనే ఎందుకు మొదలవుతుంది? కాలి బొటనవేలికి ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు మోసే నాడీకణం ఉండేది వేలి దగ్గర కాదు, నడుము దగ్గర, వెన్నెముక పక్కన. అక్కడినుంచి వేలి కొసదాకా సుమారు మీటరు పొడవున ఒకే పోగు సాగుతుంది. ఆ పోగుకు కావలసిన ప్రొటీన్లలో చాలావరకు పైనున్న కణంలోనే తయారై కిందికి రావాలి. వాటిలో కొన్ని రోజుకు 1 నుంచి 3 మిల్లీమీటర్లకు మించి కదలవు. కొసకు చేరడానికి ఏడాది పట్టవచ్చు, రెండు మూడేళ్ళూ పట్టవచ్చు. ఇంత దూరం సరఫరా జరగాల్సిన చోట ఏ చిన్న లోటు వచ్చినా, కాలువ చివరి పొలంలాగా మొదట ఎండేది కొసే. రక్తంలో చక్కెర ఏళ్ళపాటు ఎక్కువగా ఉంటే నరాలను పోషించే సన్నటి రక్తనాళాలు చెడిపోతాయి, పోగులోని శక్తి ఉత్పత్తీ గాడి తప్పుతుంది. దెబ్బ ముందు వేళ్ళ కొసల్లో కనిపిస్తుంది. తర్వాత మేజోడు తొడిగినట్టు రెండు కాళ్ళలోనూ సమానంగా పైకి పాకుతుంది. అది ఇంచుమించు మోకాళ్ళదాకా వచ్చేసరికి చేతివేళ్ళలో తిమ్మిర్లు మొదలవుతాయి. మెడనుంచి చేతివేళ్ళకు వెళ్ళే పోగులు పొడవులో ఆ తర్వాతి వరసలో ఉన్నవి మరి!

నరంలో పోగులన్నీ ఒకటి కాదు. మంట, నొప్పి, వేడి, చలి తెలిపేవి సన్నవి. కంపనాన్ని, కాలు ఏ భంగిమలో ఉందన్న సంగతిని తెలిపేవి లావువి. వాటికి మైలిన్ అనే కొవ్వుపొర మందంగా ఉంటుంది. షుగర్ తరచుగా సన్నవాటిని ముందు తడుముతుంది. రాత్రి పడుకోగానే మంట పెరగడం, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం వీటి గోలే. నరాల వేగం కొలిచే పరీక్ష లావు పోగులను మాత్రమే చూస్తుంది. కాబట్టి రిపోర్టు మామూలుగా వచ్చినంత మాత్రాన మంట అబద్ధం కాదు. బి12 లోపం దారి వేరు. మంటలు దానిలోనూ వస్తాయి గానీ, మైలిన్ నిలబడటానికి బి12 అవసరం కాబట్టి లావు పోగులూ, వాటి కబుర్లను మెదడుకు చేర్చే వెన్నుపాము వెనుక భాగమూ ఎక్కువగా దెబ్బతింటాయి.

ఇలాంటి కేసు ఒకటి ఊహించుకుందాం. 58 ఏళ్ళావిడ. తొమ్మిదేళ్ళుగా షుగర్, అన్నేళ్ళుగా మెట్‌ఫార్మిన్, ఇప్పుడు రోజుకు 2000 మిల్లీగ్రాములు. మూడు నెలల సగటు చక్కెర, అంటే హెచ్‌బిఎ1సి, కొన్నేళ్ళుగా 7 దాటలేదు. మాంసం, చేపలు, గుడ్లు ముట్టరు. పాలు కూడా అంతంతమాత్రమే. ఏడాదిగా అరికాళ్ళలో మంట, చీమలు పాకినట్టు తిమ్మిరి. అడిగితే ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. తిమ్మిరి కాళ్ళలో పాదాలు దాటకముందే చేతివేళ్ళలోనూ వచ్చేసింది. మొహం కడుక్కుంటూ కళ్ళు మూసుకుంటే తూలిపడబోతారు. డాక్టరు 128 హెర్ట్జ్ శృతిదండాన్ని మోగించి బొటనవేలి మీద పెడితే ఆవిడకు అదురు తెలియలేదు, చీలమండ మీదా తెలియలేదు. కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడి కళ్ళు మూసుకోమంటే ఊగిపోయారు. చక్కెర ఇంత అదుపులో ఉన్నా నష్టం ఇంత వేగంగా పెరగడం, చేతులు తొందరపడటం, తూలడం, ఇవన్నీ షుగర్ ఒక్కదాని లెక్కకు సరిపడవు.

ఆహారంలోని బి12 జీర్ణాశయంలో తయారయ్యే ఒక ప్రొటీన్‌ను పట్టుకుని చిన్నపేగు చివరికి వెళ్ళి అక్కడ రక్తంలోకి చేరాలి. అందుకు కాల్షియం కావాలి. మెట్‌ఫార్మిన్ ఈ ఆఖరి మెట్టుకు అడ్డుపడుతుందని ఎక్కువగా నమ్ముతున్నారు. కాలేయంలో ఏళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే తెలియదు. మోతాదు, ఏళ్ళు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. జంతువుల నుంచి వచ్చే ఆహారం తక్కువ తినేవాళ్ళకు నిల్వే తక్కువ.

ఆవిడ రిపోర్టులో బి12 మిల్లీలీటరుకు 170 పికోగ్రాములు. సాధారణంగా 200 కంటే తక్కువైతే లోపమే అంటారు. 200, 300 మధ్య వస్తే మిథైల్ మలోనిక్ ఆమ్లం కొలిస్తే స్పష్టత వస్తుంది, లోపముంటే అది పెరుగుతుంది. హిమోగ్లోబిన్ మాత్రం బాగానే ఉంది. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. రక్తం బాగుందిగా, బి12 లోపం ఎందుకుంటుంది అనుకుంటారు. రక్తహీనత లేకుండానే నరాలు దెబ్బతినవచ్చు. పైగా ఆవిడ నీరసానికని ఫోలిక్ ఆమ్లం మాత్రలు వేసుకుంటున్నారు. ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని సరిచేస్తుంది గానీ నరాలను కాపాడదు.

మొదట కొన్ని వారాలు 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు దగ్గర దగ్గరగా, తర్వాత నెలకొకటి ఇచ్చారు. అంత పెద్ద మోతాదులో మాత్రలూ పనిచేస్తాయి. ఆ ప్రొటీన్ సాయం లేకుండానే సుమారు ఒక శాతం, అంటే 10 మైక్రోగ్రాములు, పేగు గోడలోంచి లోపలికి వెళ్తుంది. రోజువారీ అవసరం 2.4 మాత్రమే. నరాలు ఇంతగా దెబ్బతిన్నప్పుడు మాత్రం ఇంజెక్షన్‌తోనే మొదలుపెడతారు. మెట్‌ఫార్మిన్ ఆపలేదు, ఆపాల్సిన పనీ లేదు. మంట తగ్గడానికి ప్రీగాబాలిన్ ఇచ్చారు. అది నొప్పి సంకేతాన్ని తగ్గిస్తుందే తప్ప నరాన్ని బాగుచేయదు. దుకాణంలో దొరికే నరాల మాత్రలు మాత్రం మాన్పించారు. వాటిలోని బి6 విటమిన్ ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది. మంటకు మందనుకుని మంటనే మింగడమన్నమాట.

ఆరు నెలలకు చేతుల తిమ్మిరి పోయింది. కళ్ళు మూసుకున్నా నిలబడగలిగారు. పాదాల మంట సగం తగ్గింది, అంతకుమించి తగ్గలేదు. మిగిలిన వాటా బహుశా షుగర్‌దే. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును కుడి బొటనవేలి కింద ఆనిస్తే ఆవిడకు ఇప్పటికీ తెలియదు. అక్కడ మంట కూడా లేదు. అలా మంట లేకపోవడం బాగుపడినట్టు కాదు, కబురు చెప్పే పోగే పోయినట్టు. అక్కడ పుండు పడితే నొప్పి చెప్పదు కాబట్టి, రోజూ రాత్రి అద్దం పెట్టి అరికాలు చూసుకోమన్నారు.